మొదటి షుగర్ మాత్ర వేసుకునే ముందు

షుగర్ ఉందని కొత్తగా తేలినవాళ్ళలో చాలామందికి డాక్టరు మొదట రాసే మందు మెట్‌ఫార్మిన్. చవకైన మందు, దశాబ్దాలుగా వాడుకలో ఉన్న మందు. అయినా మొదటి రెండు వారాల్లో కడుపు గడబిడ చేసిందని ఎవరికీ చెప్పకుండా మానేసేవాళ్ళు ఉన్నారు. ఆరు నెలల తర్వాత వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి షుగర్ ఇంకా పెరిగి ఉంటుంది. మాత్రల స్ట్రిప్పు చేతికిచ్చేటప్పుడు ఫార్మసిస్టు ఓ పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఆ మాటల్లో ఏముండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో బట్టలు కుట్టే 48 ఏళ్ళ ఆమె అనుకుందాం. రాత్రిళ్ళు మాటిమాటికీ ఒంటికి లేవాల్సి వస్తోందని పరీక్ష చేయించుకుంది. పరగడుపు షుగర్ 168, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 8.2. క్రియాటినిన్ 0.8, అంటే కిడ్నీలు బాగున్నాయి. డాక్టరు మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500 మిల్లీగ్రాములు రాత్రికి ఒకటి, వారం తర్వాత పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాశారు.

మంచి ఫార్మసిస్టు ముందు తాను చెప్పడు, అడుగుతాడు. “అమ్మా, ఈ మాత్ర గురించి ఏం విన్నారు?” అన్న ఒక్క ప్రశ్నతో అసలు భయం బయటపడుతుంది. “ఇవి మొదలుపెడితే కిడ్నీలు పోతాయటగా బాబూ? మా తోడికోడలు చెప్పింది.” మన ఊళ్ళలో ఈ మాట వినని షుగర్ రోగి ఉండరేమో. దీన్ని తేల్చకుండా ఎన్ని జాగ్రత్తలు చెప్పినా ఆమె చెవికెక్కవు. “మాత్ర కిడ్నీలను పాడుచేయదమ్మా. అదుపులో లేని షుగరే పాడుచేస్తుంది. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు ఒంట్లో పేరుకుంటుందని డాక్టర్లు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అది చూసి జనం తిరగేసి చెప్పుకుంటున్నారు. మీ క్రియాటినిన్ అందుకే ముందే చూశారు, ఏటా చూస్తూనే ఉంటారు.”

తర్వాత మాత్ర సంగతి. ఎప్పుడు వేసుకోవాలి? రాత్రి అన్నం తింటూ గానీ, తిన్న వెంటనే గానీ. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం ఎక్కువవుతుంది. ఎస్‌ఆర్ అంటే నిదానంగా కరిగే రకం. విరిచినా నమిలినా మందంతా ఒకేసారి దిగిపోతుంది, అందుకే అలాగే మింగాలి. ఈ రకం మాత్రల్లో కొన్నిటి పైపొర కరగకుండా మలంలో మెత్తగా కనిపిస్తుంది. ముందే చెప్పకపోతే “మాత్ర మాత్రలాగే బయటికొచ్చింది, నాకు పడలేదు” అనుకుని మానేస్తారు. మందు లోపలే దిగిపోయింది, వచ్చింది ఖాళీ పొర మాత్రమే. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట మామూలుగా ఒకటే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు.

ఇక అసలు చిక్కు విరేచనాలు. మొదలుపెట్టిన కొత్తలో, మళ్ళీ మోతాదు పెంచినప్పుడు వికారం, కడుపు ఉబ్బరం, పల్చటి విరేచనాలు, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి రావచ్చు. అందరికీ రావు. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి రెండు మూడు వారాల్లో తగ్గిపోతాయి. డాక్టరు ఒక్కసారే పెద్ద మోతాదు రాయకుండా వారం ఆగి పెంచేది ఇందుకే. బాధ భరించలేకుండా ఉంటే తనంతట తాను ఆపేయకుండా ఫోన్ చేయాలి. పెంచడం ఇంకో వారం వాయిదా వేస్తే సరిపోవచ్చు.

కానీ విరేచనాలన్నీ ఒకటి కావు, ఫార్మసిస్టు ఎక్కువ సమయం తీసుకోవాల్సింది ఇక్కడే. మాత్ర వల్ల వచ్చేవి మందు మొదలైన, లేదా పెంచిన రోజుల్లో వస్తాయి. రోజుకు రెండు మూడుసార్లు పల్చగా అవుతుంది, జ్వరం ఉండదు, అన్నం నీళ్ళు తీసుకోగలుగుతారు. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నాక ఒకరోజు ఉన్నట్టుండి నీళ్ళ విరేచనాలు, వాంతులు, జ్వరం మొదలైతే అది మాత్ర పని కాకపోవచ్చు, తిండి వల్లో నీళ్ళ వల్లో సోకిన జబ్బు కావచ్చు. అప్పుడు ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు సరిగా పనిచేయవు, మందు పేరుకుంటుంది, అరుదుగా రక్తంలో లాక్టిక్ యాసిడ్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి మొదటి రకంలో మాత్ర కొనసాగిస్తూ సలహా అడగాలి. రెండో రకంలో మాత్ర ఆపి అదే రోజు డాక్టరుకు చెప్పాలి, మామూలుగా తిని తాగడం మొదలయ్యాక ఆయన చెప్పినట్టు తిరిగి వేసుకోవాలి. విపరీతమైన నీరసం, ఆయాసం, మగత కనిపిస్తే ఫోనులు కావు, ఆసుపత్రికే పోవాలి. రంగు మందు ఎక్కించి తీసే స్కాన్ రాసినప్పుడూ ఈ మాత్ర వాడుతున్నామని అక్కడ చెప్పాలి. మద్యం బాగా తాగేవాళ్ళకు ఇదే లాక్టిక్ యాసిడ్ ముప్పు ఎక్కువ. ఇంట్లో ఇంకెవరైనా ఈ మాత్ర వాడుతూ తాగుతుంటే వాళ్ళకూ ఆ సంగతి చెప్పమనాలి.

“కళ్ళు తిరిగి పడిపోతానా?” అని ఆమె అడుగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం చాలా అరుదు. అలా పడేసేది గ్లిమిపిరైడ్ లాంటి మందులు. ఈ రెండూ కలిపిన మాత్రలు కూడా ఉన్నాయి, పేర్లు కూడా దగ్గరగా ఉంటాయి. స్ట్రిప్పు అయిపోయిందని పక్కింటావిడ దగ్గర తెచ్చుకుంటే చిక్కు అక్కడ మొదలవుతుంది. అది గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రయి, ఆరోజు అన్నం ఆలస్యమైతే చెమటలు, వణుకు, గుండెదడ రావచ్చు. మెలకువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చెప్పడం అయ్యాక ఆమె చేత చెప్పించుకోవాలి. “ఇంటికెళ్ళాక మీవారికి ఎలా చెబుతారో నాకు చెప్పండమ్మా” అంటే ఎక్కడ అర్థం కాలేదో తెలిసిపోతుంది. ఆమె “రాత్రి పడుకునేముందు” అంటే, “కాదమ్మా, అన్నంతోనే” అని అక్కడే సరిచేయవచ్చు.

మళ్ళీ ఎప్పుడు రావాలన్నది కూడా చీటీ మీద రాసివ్వాలి. రెండు వారాలకు ఒకసారి ఫోన్, కడుపు ఎలా ఉందో చెప్పడానికి. మూడు నెలలకు హెచ్‌బిఎ1సి. అంతకుముందే చేస్తే మందు పూర్తి ఫలితం కనిపించదు, ఎందుకంటే ఆ పరీక్ష చూసేది మూడు నెలల సగటునే. ఈ మందుతో అది ఒకటి, ఒకటిన్నర వరకు తగ్గొచ్చు. ఆమె 8.2 ఏడుకు దగ్గర పడితే మందు, తిండి, నడక కుదిరినట్టే. కంటి వెనక పొర, పాదాలు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు మాత్రం అంతవరకు ఆగకుండా ఇప్పుడే చేయించాలి, షుగర్ తెలియకుండా ఎన్నాళ్ళ నుంచి ఉందో చెప్పలేం గనక. ఏళ్ళ తరబడి వాడాక అరికాళ్ళు తిమ్మిరెక్కితే అది షుగర్ వల్లే అని సరిపెట్టుకోకూడదు. ఈ మందు బి12 విటమిన్‌ను తగ్గిస్తుంది, శాకాహారులకు మరీను. రక్తపరీక్షతో తెలుస్తుంది.

ఇలా వివరించి చెప్పడం ఫార్మసిస్టు దయాధర్మం కాదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో రోగికి మందుల గురించి చెప్పడం అతని పనిలో భాగంగానే రాశారు. షాపులో రద్దీ ఉంటే మధ్యాహ్నం వస్తానని చెప్పి మళ్ళీ వెళ్ళండి. చీటీ, రిపోర్టులు, ఇంట్లో వాడే మిగతా మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. కౌంటరు దగ్గరున్నది ఫార్మసిస్టేనా అని అడగడానికి మొహమాటపడకండి.