‘అయిపోయింది’ అంటే ఎంతవరకు అయినట్టు?

పదో తరగతి నమూనా ప్రశ్నపత్రాలు రాష్ట్ర భాషలో చేతికొస్తే, వాటిని తెలుగు చేసుకునే పని మన బడుల్లో టీచర్ల మీదే పడుతుంది. నలుగురు కలిసి పన్నెండు పత్రాలు చేస్తున్నారనుకోండి. ‘సైన్సు మూడో పత్రం అయిందా?’ అంటే ‘అయిపోయిందండీ’ అనే అంటారు. అనువదించిన సారుకు నోటుబుక్కులో రాయడంతో అయిపోయింది. టైపు చేసిన మేడముకు ఫైలు సేవ్ చేయడంతో అయిపోయింది. జిరాక్సు తీయించాల్సినవారికి మాత్రం చేతిలో ఏమీ లేదు. పరీక్ష మర్నాడే.

దీనికి స్టాఫ్‌రూమ్ గోడ మీద ఒక చార్టు చాలు. నాలుగు గడులు గీయండి: చేయాల్సినవి, చేస్తున్నవి, సరిచూడాల్సినవి, పూర్తయినవి. ఒక్కో పత్రానికి ఒక చీటీ. దాని మీద పత్రం పేరు, ఎవరి చేతిలో ఉందో ఒక్కరి పేరు, తీసుకున్న తేదీ రాయాలి. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ పట్టించుకోరు.

గడులు గీయడం సులువు. చివరి గడిలోకి చీటీ ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు సంగతి. అది ముందే మాట్లాడుకుని చార్టు కిందే రాసిపెట్టాలి. ప్రశ్నపత్రానికైతే ఇవి చాలు: అనువదించినవారు కాక మరొకరు అన్ని ప్రశ్నలకూ జవాబు రాసి చూశారు. మార్కులు కూడితే మొత్తం సరిపోయింది. బొమ్మల్లోని పేర్లూ తెలుగులో ఉన్నాయి. పీడీఎఫ్ మరొకరి ఫోనులో సరిగా తెరుచుకుంది. ఈ చివరిది చాదస్తం కాదు. పాత డీటీపీ ఫాంటుల్లో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది.

ఆ సైన్సు పత్రాన్నే చూద్దాం. సోమవారం తీసుకున్నారు, బుధవారం సరిచూడటానికి వచ్చింది. జవాబులు రాసి చూస్తే ప్రశ్నలు బాగానే ఉన్నాయి కానీ కంటి బొమ్మలో పేర్లు మూలభాషలోనే మిగిలాయి. చీటీ వెనుక ‘బొమ్మ పేర్లు’ అని రాసి ‘చేస్తున్నవి’లోకి తిప్పి పంపారు. శుక్రవారానికి పూర్తయింది. ‘దాదాపు అయింది’ అన్న గడి మాత్రం పెట్టకండి, చీటీలన్నీ అందులోనే నిద్రపోతాయి.

లేబుళ్లుగా రంగు చుక్కలు అంటిస్తే సరి. సబ్జెక్టు పేరు చీటీ మీదే ఉంది కాబట్టి దానికి రంగు అక్కర్లేదు. పని తీరుకు రంగు ఇవ్వండి: బొమ్మలున్న పత్రానికి నీలం, ఆగిపోయినదానికి ఎరుపు. నీలం చుక్క ఉంటేనే బొమ్మల షరతు వర్తిస్తుంది. ఎరుపు అంటించేవారు ఎందుకు ఆగిందో, ఎప్పటినుంచో కూడా రాయాలి. ‘అర్జెంటు’కు రంగు వద్దంటాను, వారం తిరిగేసరికి అన్నిటికీ అదే ఉంటుంది.

‘సరిచూడాల్సినవి’లో మూడుకు మించి చీటీలు చేరితే కొత్త పత్రం ఎవరూ ఎత్తుకోకూడదు. అందరూ ముందు వాటిని చూడాలి. అనువాదం జోరుగా సాగుతున్నా ఒక్క పత్రమూ బయటికి రాకపోతే, పని ఆగుతున్నది ఇక్కడే.

టీచర్లు వేర్వేరు ఊళ్ల బడుల్లో ఉంటే గోడ చార్టు పనికిరాదు. ట్రెల్లో వంటి యాప్‌లో ఇవే గడులు, ఇవే రంగులు పెట్టుకోవచ్చు. షరతులు మార్చాల్సివస్తే కొత్తగా ఎత్తుకునే చీటీలకే వర్తింపజేయండి, పూర్తయినవాటిని వెనక్కి లాగవద్దు.