రెండు కుండల ప్రయోగం

చెత్తను వేరుచేయునపుడు కాగితాన్ని పొడిగా ఉంచవలెను. ఆహారంతో తడిసి మురికియైన కాగితం తిరిగి కాగితం చేయుటకు పనికిరాదు. కూరగాయల తొక్కలతో ఏడవ తరగతి విద్యార్థులు ఈ పరిశీలన చేయవచ్చును.

ప్రక్కల రంధ్రాలున్న రెండు కుండలు తీసుకొనుడు. ఒకదానిలో తొక్కలే వేయుడు. రెండవదానిలో పిడికెడు తొక్కలకు రెండు పిడికెళ్ల ఎండుటాకులు కలుపుడు. రోజూ వాసన, తడి గమనించి వ్రాసుకొనుడు.

కొద్ది దినాలలో మొదటి కుండలోని తొక్కలు ముద్దకట్టి దుర్గంధం వచ్చును. గాలి చొరనందున ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు అందులో పెరుగుటయే కారణం. రెండవ కుండలో ఆకుల సందుల గాలి ఆడును, మట్టివాసన వచ్చును. పిడికిట పట్టి పిండిన ఒకటి రెండు చుక్కలు రాలిన తడి సరిపోయినట్లే.

ఇప్పుడు మొదటి కుండలోను ఎండుటాకులు కలిపి కలియబెట్టుడు. దుర్గంధం క్రమంగా తగ్గినచో కారణం రుజువైనట్లే.