కుండీకి చవుడు ఎక్కితే

మట్టికుండీ కొన్న ఏడాదికల్లా దాని అంచు చుట్టూ, అడుగున పళ్ళెం ఆనే చోటా తెల్లటి పొర కడుతుంది. మురికి అనుకుని సబ్బునీళ్ళతో తోముతాం. తోమినంతసేపూ కుండీ ఎర్రగా కళకళలాడుతుంది. ఆరాక మళ్ళీ అదే తెలుపు, అదే చోట. తోమడంలో లోపమేమీ లేదు. ఆ తెలుపు కుండీ గోడలోపలి నుంచి వచ్చిన ఉప్పు. పైన ఉన్నదాన్ని తీసేసినా, లోపల మిగిలింది తడితోపాటు మళ్ళీ బయటికి వస్తుంది.

కాల్చిన మట్టి నిండా కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయి. లోపలి మట్టిలో ఉన్న తడి వాటిగుండా బయటికి ఊరి, గాలికీ ఎండకూ ఆవిరైపోతుంది. మట్టికుండీలో వేర్లు కుళ్ళడం తక్కువ అనేది ఇందుకే. అయితే నీరు ఆవిరవుతుంది గానీ నీటిలో కరిగి ఉన్న లవణాలు ఆవిరి కావు. అవి గోడ పైమీద పేరుకుంటాయి. పాత ఇంటి గోడ కిందిభాగానికి చవుడు పట్టడం కూడా అచ్చంగా ఇదే పని.

ఆ లవణాలు ఎంత వస్తాయో ఒక లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక బాల్కనీ, అందులో పదంగుళాల కుండీలో మల్లెమొక్క, పోసేది బోరు నీళ్ళు. ఆ నీళ్ళ టీడీఎస్, అంటే లీటరులో కరిగి ఉన్న లవణాల బరువు, 800 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజుకు లీటరు పోస్తే నెలకు 24 గ్రాముల లవణం కుండీలోకి చేరినట్టు. ఇప్పుడు బోరు నీళ్ళకు బదులు, ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్ళు పారబోయడం ఎందుకని మొక్కకు పోశారనుకోండి. రెండు లీటర్లు లోపలికి వెళ్ళి ఒక లీటరు మంచినీళ్ళుగా వస్తే, రెండు లీటర్ల లవణాలూ దాదాపుగా ఆ మిగిలిన లీటరులోనే ఉంటాయి. టీడీఎస్ 1500 పైన పడుతుంది. నెలకు 45 గ్రాములు, అంటే తొమ్మిది టీస్పూన్ల ఉప్పు! నీళ్ళు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్ళు గచ్చు కడగడానికి వాడుకోవాలి. మట్టికుండీలో మొక్కకు మాత్రం వద్దనే చెబుతాను. దీనిమీద నెలకోసారి వేసే రసాయన ఎరువు మరికొంత లవణం కలుపుతుంది.

కడగడానికి ముందు ఆ తెలుపు ఏ రకమో తెలుసుకోవాలి, మందు దాన్నిబట్టే ఉంటుంది. పొడిగా ఉన్న పొర మీద ఒక చుక్క వెనిగర్ వేయండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నపు రకం, కఠిన జలం నుంచి వచ్చింది. నీళ్ళలో కరగదు, పులుపుకే కరుగుతుంది. నురగ రాకుండా, తడివేలితో రుద్దితే కరిగిపోతే అది ఎరువుల ఉప్పో మామూలు ఉప్పో. దానికి మంచినీళ్ళు చాలు. ఇదే పరీక్ష కుండీ లోపల శుభ్రంగా ఉన్నచోట కూడా ఒకసారి చేయండి. కొన్ని ఊళ్ళ మట్టిలోనే సున్నం ఉంటుంది, అలాంటి కుండీ ఎక్కడ చుక్క వేసినా పొంగుతుంది. దాన్ని పుల్లటి నీళ్ళలో ఎక్కువసేపు ఉంచితే కుండీయే అరుగుతుంది. ఇక తెలుపు దూదిలా మెత్తగా ఉండి, ముట్టుకుంటే నలిగిపోతూ ముక్క వాసన వస్తే అది బూజు. ఉప్పు వేళ్ళ మధ్య గరగరలాడుతుంది.

మన మల్లె కుండీలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. మట్టి మార్చేటప్పుడు, కుండీ ఖాళీ అయినప్పుడు కడిగితే పని సుళువు. మట్టి దులిపేసి, కుండీని రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తర్వాత తడి తగలకుండా, బట్టలుతికే బ్రష్షుతో పొడిపొడిగా రుద్దాలి. నేరుగా నీళ్ళు పోసేస్తే పైన ఉన్న ఉప్పు కరిగి, మళ్ళీ రంధ్రాల్లోకే దిగుతుంది. పొడిగా రాల్చిందంతా లోపలికి వెళ్ళకుండా పోయినట్టే. రాలిన పొడిని మరో మొక్క మొదట్లో పోయకండి. ఇనుప పీచు, ఇనుప బ్రష్షు వాడితే మట్టి గీసుకుపోతుంది, ఆ గీతల్లో మరింత ఉప్పూ పాచీ చేరతాయి. కొబ్బరిపీచు చాలా మంచిది. నర్సరీలో కొన్న కుండీకి ఎర్ర రంగు పూసి ఉంటే అది కూడా రాలుతుంది, కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు కుండీని ఒక టబ్బులో మునిగేలా మంచినీళ్ళలో పెట్టాలి. బోరు నీళ్ళలో నానబెడితే ఫలితం అంతంతమాత్రమే. వాననీళ్ళు గానీ, మునిసిపాలిటీ వాళ్ళిచ్చే నది నీళ్ళు గానీ మేలు. రోజుకోసారి నీళ్ళు మారుస్తూ మూడు రోజులు ఉంచితే కరిగే లవణాలు గోడలోపలి నుంచి కూడా నీళ్ళలోకి దిగుతాయి. ఇంట్లో టీడీఎస్ మీటరు ఉంటే పారబోసే ముందు ఆ నీళ్ళను కొలవండి, పోసినప్పటి అంకెతో పోల్చండి. ఏ రోజు రెండు అంకెలూ దగ్గరగా వస్తాయో ఆ రోజుతో నానబెట్టడం చాలు.

సున్నపు పొర అప్పటికీ అంచు మీద మిగిలే ఉంటుంది. దానికి వెనిగర్. దుకాణాల్లో దొరికే తెల్ల వెనిగర్‌ ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపి, నానిన కుండీని అందులో అరగంట ఉంచండి. కుండీ తడిగా ఉన్నప్పుడే పెట్టాలి. రంధ్రాల్లో ముందే నీళ్ళుంటే పులుపు లోపలికి లోతుగా ఇంకదు, పైపైనే పనిచేస్తుంది. పొర మందంగా ఉంటే వెనిగర్, నీళ్ళు సమంగా కలిపి, అందులో పాతగుడ్డ తడిపి అంచు చుట్టూ చుట్టి ఓ గంట వదిలేయాలి. నురగ ఆగాక కొబ్బరిపీచుతో రుద్దితే వచ్చేస్తుంది. వెనిగర్‌తో కరిగిన సున్నం నీళ్ళలో సులువుగా కొట్టుకుపోతుంది, అందుకే చింతపండు కంటే నేను దీన్నే ఎంచుకుంటాను. చింతపండు రాగి చెంబుకు బాగా పనిచేస్తుంది గానీ, దానిలోని పులుపు సున్నంతో కలిస్తే త్వరగా కరగని మరో తెల్లటి పదార్థం మిగులుతుంది. వెనిగర్ పని అయ్యాక మళ్ళీ ఒక రాత్రి మంచినీళ్ళలో ఉంచి, నీడన ఆరబెట్టండి.

మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వాడితే నిమిషంలో తెలుపు పోతుంది, నిజమే. కానీ ఆ యాసిడ్ సున్నాన్ని మరో ఉప్పుగా మార్చి రంధ్రాల్లో వదిలేస్తుంది, ఆరాక మళ్ళీ పొర. దాని పొగ ఊపిరితిత్తులకు హాని. అది మొక్క ఉండే కుండీకి అసలు పనికిరాదు.

కుండీ శుభ్రమైందో లేదో తడిమీద తేల్చుకోకూడదు. తడిగా ఉన్నప్పుడు ఉప్పు కనబడదు. వారం పాటు పూర్తిగా ఆరాక చూడాలి. పలచగా తెలుపు కనిపిస్తే నానబెట్టడం మరో విడత చేయాలి. గోరుతో గీస్తే పైపొర పెచ్చులుగా ఊడుతుంటే మాత్రం ఉప్పు గోడలోపలే గట్టిపడి, రంధ్రాలను పగలగొడుతోందని అర్థం. అలాంటి కుండీని కడిగినా మళ్ళీ పాతస్థితికి రాదు. లోపల ప్లాస్టిక్ కుండీ పెట్టి, పై కుండీని అలంకారానికి వాడుకోవచ్చు. తెలుపు కనబడకుండా బయట వార్నిష్ పూసే అలవాటు కొందరికి ఉంది. ఉప్పు ఆ పూత వెనకాల చేరి, పూతతో సహా మట్టిని పెచ్చులుగా లేపుతుంది. పూయాలనుకుంటే కుండీ లోపలి వైపు పూయాలి, అప్పుడు కుండీ గాలి పీల్చే గుణం పోతుందని ఒప్పుకుని పూయాలి.

మొక్కను తీయలేని పరిస్థితి అయితే, గోడ తోమడం కంటే మట్టి కడగడం ముఖ్యం. పదంగుళాల కుండీలో దాదాపు ఎనిమిది లీటర్ల మట్టి పడుతుంది. దానికి రెట్టింపు, అంటే పదహారు లీటర్ల మంచినీళ్ళు, పళ్ళెం తీసేసి, గంటసేపు కొంచెం కొంచెంగా పోయాలి. అడుగు చిల్లు నుంచి మొదట ముదురు రంగులో, తర్వాత తేటగా నీళ్ళు వస్తాయి. మట్టిపైన గట్టిపడ్డ తెల్లపొరను ముందే గోరు లోతున తీసిపారేయండి. వేసవిలో నెలకోసారి ఇలా చేస్తే సరిపోతుంది, వానాకాలంలో ఆ పని వానే చేస్తుంది. అయితే కుండీలను చూరు కింద నుంచి బయటికి జరపాలి.

పాచి సంగతి వేరు. ఆకుపచ్చ పొర మొక్కకు రోగం కాదు. కుండీ ఎప్పుడూ తడిగా, వెలుతురు పడే చోట ఉందని అది చెబుతోంది. కొందరు కావాలని పాచి పట్టిన కుండీలనే ఇష్టపడతారు, అది వాళ్ళ ఇష్టం, తీయకపోయినా నష్టం లేదు. అయితే ఒకే కుండీ మీద నల్లటి పచ్చదనం ఎక్కువగా కనిపిస్తే నీళ్ళు ఎక్కువ పోస్తున్నారేమో చూడండి. తీయాలంటే ముందు కుండీలను ఒకదానికొకటి ఆనకుండా జరిపి, ఖాళీ కుండీ అయితే మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో పెట్టండి. పచ్చపొర గోధుమరంగుకు తిరిగి పొట్టులా ఎండుతుంది, పొడి బ్రష్షుతో రాలిపోతుంది. మిగిలిన మరకకు వంటసోడాను నీళ్ళతో ముద్దగా కలిపి రుద్దితే చాలు.

బ్లీచ్ అవసరమయ్యేది ఒకే ఒక్క సందర్భంలో: ఆ కుండీలో ముందున్న మొక్క మొదలు కుళ్ళి చచ్చిపోయినప్పుడు. ద్రవరూపంలో దొరికే బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు ముంచి, బాగా కడిగి, వారం ఆరబెట్టాలి. బ్లీచింగ్ పౌడరు వద్దు, అందులో సున్నం ఉంటుంది, మనం తీసిన తెలుపే తిరిగి వస్తుంది. మరొక మాట జాగ్రత్తగా వినండి. వెనిగర్, బ్లీచ్ ఎప్పుడూ ఒకే టబ్బులో, ఒకే రోజు వాడవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

చివరగా పళ్ళెం. తెలుపుకు మూలం చాలాసార్లు అదే. కారిన నీళ్ళలో లవణాలు పోసిన నీళ్ళలో కంటే చిక్కగా ఉంటాయి, ఆ నీళ్ళు నిలవ ఉంటే కుండీ అడుగు వాటిని తిరిగి పైకి పీలుస్తుంది. నీళ్ళు పోసిన అరగంటకు పళ్ళెం వంచేయాలి. కుండీకీ పళ్ళేనికీ మధ్య మూడు చిన్న రాళ్ళు పెడితే అడుగు ఆరుతుంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీటి అంచుకు కాస్త పైన, పళ్ళెం లోపలి గోడ మీద. ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే సరిపోదు. వారానికోసారి పళ్ళెం లోపలి అంచంతా కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, ఎండలో బోర్లించాలి.