తండ్రి మాటా నిజమే, కొడుకు మాటా నిజమే

కథల్లో తండ్రికీ ఎదిగే కొడుక్కీ జరిగే గొడవ చాలాసార్లు మొదటి రెండు మాటల్లోనే తేలిపోతుంది. తండ్రి మొండివాడనో, కొడుక్కి బాధ్యత తెలియదనో రచయిత ముందే తీర్పు రాసిపెట్టుకుంటాడు. మిగతా పేజీ అంతా ఆ తీర్పుకి సాక్ష్యాలే. ఇద్దరి వైపూ కొంత న్యాయం ఉన్న గొడవ రాయడం వేరే పని. కొంత అంటే చెరి సగం కాదు. తండ్రి ఒక విషయంలో పూర్తిగా సరైనవాడు, ఇంకో విషయంలో పూర్తిగా తప్పు. కొడుకూ అంతే. వాళ్ల నిజాలు వేర్వేరు విషయాల్లో ఉన్నాయి కాబట్టే ఆ గొడవ తెగదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. సుమారు రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందట గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘యాంటిగని’లో రాజు క్రెయాన్‌కీ, అతని కొడుకు హీమాన్‌కీ వాగ్వాదం జరుగుతుంది. కొడుకు విరుచుకుపడుతూ రాడు. నేను నీవాణ్ణే అంటూ మొదలుపెడతాడు. తర్వాత తండ్రికి తెలియని సంగతి ఒకటి చెబుతాడు: ఊళ్లో జనం చాటుగా ఏమనుకుంటున్నారో. తండ్రి కూడా ముందు తన వాదమంతా వివరంగానే చెప్పి ఉంటాడు. ఇద్దరి మాటలూ బాగానే ఉన్నాయని, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవచ్చని పక్కనున్న పెద్దల బృందం అంటుంది. ఇంత వయసొచ్చాక ఈ కుర్రవాడి దగ్గర బుద్ధి నేర్చుకోవాలా అని తండ్రికి రోషం వస్తుంది. అక్కణ్నుంచి పెద్ద ప్రసంగాలు ఆగిపోయి, ఒక్కో వాక్యానికి ఒక్కో వాక్యం ఎదురుగా పడుతుంది. చివరికి కొడుకు వెళ్లిపోతాడు. ఎవరూ గెలవలేదు.

అందులో నేర్చుకోవలసింది ఆ తెలియని సంగతి. ప్రతి ఒక్కరి దగ్గరా ఎదుటివాడికి తెలియని ఒక నిజం ఉండాలి. అది అభిప్రాయం కాకూడదు, జరిగిన సంగతై ఉండాలి. మన ఊరి ఉదాహరణ ఒకటి కల్పించి చూద్దాం.

సత్తెనపల్లిలో కిరాణా కొట్టు నడిపే తండ్రి. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పదహారేళ్ల కొడుకు విజయవాడలో హాస్టల్లో ఉన్నాడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి, రాత్రి పదకొండింటికి ఇంటి తలుపు కొట్టాడు. కుర్రాడు కనిపించడం లేదని కాలేజీవాళ్లు సాయంత్రమే తండ్రికి ఫోను చేశారు. ఆయన బస్టాండూ, రైలు పట్టాలూ వెతికొచ్చాడు. కొడుక్కి ఇది తెలియదు. కొడుకుని రెండు నెలల కిందటే కింది సెక్షన్లో పడేశారు. పాఠాలు బుర్రకెక్కడం లేదు. తండ్రికి అది తెలియదు. ఆదివారం ఫోనులో కుర్రాడు చెప్పింది ఒక్కటే: కడుపునొప్పి. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. సోడా తాగమని చెప్పి తండ్రి ఫోను తల్లికిచ్చేశాడు.

ఇప్పుడు మాటలు.

“ఫోను చెయ్యడానికి చేతులు పడిపోయినయ్యా?”

“ఆదివారం చేశాగా. చెప్పాగా.”

“ఏం చెప్పావు? కడుపునొప్పన్నావు.”

“మూడు వారాలు కడుపునొప్పన్నా. ఒక్కసారన్నా వచ్చి చూశావా?”

గొడవ కడుపునొప్పి దగ్గర నడుస్తోంది. అసలు విషయం చదువు. ఇద్దరూ దాని పేరెత్తరు. ఇక్కడే ఇద్దరి న్యాయమూ బయటపడుతోంది. నువ్వు చెప్పలేదని తండ్రి అనడం నిజం. నేను చెప్పానని కొడుకు అనడమూ నిజమే. ఈ నాలుగు మాటల స్థానంలో “నా మనసు నీకెప్పుడూ అర్థం కాలేదు నాన్నా” అని రాస్తే న్యాయమంతా కొడుకు వైపు ఒరిగిపోతుంది. పైగా ఏ పదహారేళ్లవాడూ కోపంలో అలా మాట్లాడడు.

పట్టాల దాకా వెళ్లొచ్చానని తండ్రి తన నోటితో చెప్పుకోడు. తల్లి చెప్పాలి. మన ఇళ్లలో కోపం ముదిరితే ఎదురుగా ఉన్నవాణ్ణి వదిలేసి మూడో మనిషితో మాట్లాడతారు. “అడుగు వాణ్ణి, బస్సు చార్జీలకి డబ్బులెక్కడివో” అని తండ్రి తల్లితో అంటాడు. “నువ్వే చెప్పమ్మా ఆయనకి” అని కొడుకూ ఆమెతోనే అంటాడు. అంతవరకు నాన్నా అన్నవాడు ఆయన అన్నాడంటే దూరం ఎంత పెరిగిందో రచయిత వేరే చెప్పనక్కర్లేదు. మధ్యలో నలిగిన తల్లి అప్పుడంటుంది: “చీకట్లో పట్టాల వెంబడి వెతుక్కుంటా తిరిగాడురా మీ నాన్న.”

ఈ మాట ఎక్కడ పడాలన్నది ముఖ్యం. చివర్లో పెడితే తండ్రి గెలిచేస్తాడు, కొడుకు ఏడుస్తాడు, కథ ముగుస్తుంది. ఇది మూడింట రెండు వంతుల దగ్గర పడాలి. దాని తర్వాత కొడుక్కి ఇంకో మాట మిగిలి ఉండాలి.

“ఇయ్యాళ భయపడ్డాడా? ఆదివారం నేను ఏడుస్తా మాట్లాడితే ఎందుకు భయపడలేదు?”

ఇది క్రూరమైన మాట. తండ్రి భయాన్నే తీసుకుని తండ్రి మీద విసురుతున్నాడు. అయినా అందులో న్యాయం ఉంది. న్యాయమున్న మనిషి అన్యాయంగా మాట్లాడటమే గొడవకు ప్రాణం. తండ్రీ అలాగే జారాలి. జవాబు దొరక్క డబ్బు మీదికి పోతాడు: “మీ అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టాన్రా.” ఇక్కడ దాదాపు ప్రతి రచయితా “కట్టమని నేనడిగానా?” అని రాస్తాడు. అది నిజమే కానీ ఎవరింట్లోనైనా వినపడే మాట. ఈ కుర్రవాడికి ఇంకా పదునైనది ఉంది.

“ఫీజెంతో చెప్పావు. నేనే సెక్షన్లో ఉన్నానో చెప్పు.”

తండ్రికి తెలియదు. దాచింది కొడుకే, తెలుసుకోనిది తండ్రి. ఆ ఒక్క మాటలో ఇద్దరి తప్పూ ఉంది.

ముగింపులో మన రచయితలు తరచుగా అన్నం పళ్లెం తెచ్చిపెడతారు. తల్లి వడ్డిస్తుంది, తండ్రి పెరుగు వేయమంటాడు, అన్నీ సర్దుకుంటాయి. అప్పటిదాకా జరిగిన గొడవని ఇది కొట్టిపారేస్తుంది. రాజీ అక్కర్లేదు, పరిస్థితి కొద్దిగా కదిలితే చాలు. “పొద్దున్నే కాలేజీకి ఫోను చేస్తా. ఏం చెప్పమంటావు?” అని తండ్రి అడుగుతాడు. అప్పటివరకు అతను వేసినవన్నీ ప్రశ్నల్లా వినిపించిన నిందలు. జవాబు కోసం అడిగింది ఇదే మొదటిసారి. కొడుకు దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాడు ఇంటికి రావడం వరకే ఆలోచించాడు. దృశ్యాన్ని అక్కడ ఆపేయవచ్చు.

రాసింది సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక దారి ఉంది. కొడుకు మాటలన్నీ కాగితంతో మూసి, తండ్రి మాటలు మాత్రమే పైకి చదవండి. వాటిలో మీకు ఒక్కసారైనా “నిజమే కదా” అనిపించాలి. తర్వాత అటువి మూసి ఇటువి చదవండి. ఒకవైపు చదివినప్పుడు అలా అనిపించకపోతే, ఆ మనిషి దగ్గర జరిగిన సంగతి ఏదీ లేదని, కోపం మాత్రమే ఉందని అర్థం. అప్పుడు డైలాగుకి మెరుగులు దిద్దితే లాభం లేదు. వెనక్కి వెళ్లి, ఆ రోజు ఆ మనిషికి ఏం జరిగిందో కనుక్కోవాలి. “కోపంగా”, “ఆవేదనతో” అని మాటల పక్కన రాసినవన్నీ కొట్టేసి కూడా చూడండి. కొట్టేశాక పలచబడిన మాటలేవో వాటిని తిరిగి రాయాలి.

ఇంకొక్కటి. వయసులో ఉన్న రచయితలు కొడుకు వైపు, పిల్లలున్న రచయితలు తండ్రి వైపు తెలియకుండానే ఒరుగుతారు. మీకు ఎవరి మీద కోపముందో వాళ్ల మాటలు ముందు రాయండి, అవి పూర్తయ్యాకే రెండోవాళ్ల నోరు తెరవండి.