జోకు పేలలేదు, తర్వాతి మాటేమిటి?

అమెరికాలో ఎన్‌బీసీ టీవీవారి 'టునైట్ షో'ను జానీ కార్సన్ 1962 అక్టోబరు నుంచి 1992 మే దాకా, దాదాపు ముప్పై ఏళ్లు నడిపారు. రాత్రి కార్యక్రమం మొదలవగానే రంగురంగుల తెర వెనక నుంచి వచ్చి నిలబడి, ఆనాటి వార్తల మీద వరసగా జోకులు చెప్పడం ఆయన అలవాటు. అవి ఏ రోజుకారోజు పుట్టే జోకులు. ముందు ఎక్కడైనా చెప్పి చూసుకునే వ్యవధి ఉండదు. అలాంటప్పుడు కొన్ని తుస్సుమనక తప్పదు.

పేలని జోకులు నాలుగు పోగుపడిన రోజున ఒక తమాషా జరిగేది. డాక్ సెవరిన్‌సెన్ నాయకత్వంలోని వాద్యబృందం 'టీ ఫర్ టూ' అనే పాత పాట బాణీ అందుకునేది. కార్సన్ మాట ఆపేసి, ఆ బాణీకి తీరిగ్గా కాళ్లు కదుపుతూ చిన్న నాట్యం చేసేవారు. అంతదాకా బిగుసుకున్న హాలు ఘొల్లుమనేది. ఆయన మళ్లీ నిలబడి తర్వాతి జోకు ఎత్తుకునేవారు. ఒక్కోసారి మైకును వేలితో తట్టి చూసేవారు, అంతే. జోకు చచ్చిందని అందరికీ తెలుసు, తనకూ తెలుసని ఆ తట్టడమే చెప్పేది.

ఇలా సభను తిరిగి దక్కించుకునే చిన్న మాటనో చేష్టనో అక్కడి హాస్యగాళ్లు 'సేవర్' అంటారు. కార్సన్‌కు ఇది గాలివాటంగా అబ్బిన విద్య కాదు. 1949లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఆయన చదువు చివర సమర్పించిన పరిశోధన అంశమే రేడియో హాస్యం ఎలా రాస్తారన్నది. జోకు ఎలా పేలుతుందో అంత శ్రద్ధగా విప్పి చూసినవాడికి, ఎందుకు పేలదో కూడా తెలుస్తుంది.

జోకు పేలని ఆ క్షణంలో మనిషిని అంతగా కుదిపేది మౌనం. మామూలు సంభాషణలో ఒకరి మాట ముగియడానికీ ఎదుటివారు అందుకోవడానికీ మధ్య వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు మాత్రమే ఉంటుందని, పది భాషల్లో మాటల తీరును కొలిచిన పరిశోధకులు 2009లో తేల్చారు. ఆ లయకు అలవాటుపడ్డ చెవికి నవ్వు రావలసిన చోట రెండు సెకన్లు ఏ శబ్దమూ లేకపోతే అది రెండు నిమిషాల్లా తోస్తుంది. వక్త ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపాలని తొందరపడతాడు. నోటికి ముందుగా వచ్చేవి రెండే: "అంటే నా ఉద్దేశం ఏమిటంటే..." అన్న వివరణ, "ఏమనుకోకండి, ఊరికే అన్నాను" అన్న క్షమాపణ.

ఈ రెండూ ఎందుకు పనిచేయవో చూడాలి. జోకులో చెప్పకుండా వదిలిన చిన్న ఖాళీ ఒకటి ఉంటుంది. దాన్ని వినేవాడు తనంతట తాను పూరించుకున్నప్పుడే నవ్వు పుడుతుంది. వివరించేవాడు ఆ పని తానే చేసేస్తాడు కనుక నవ్వడానికి ఇక ఏమీ మిగలదు. క్షమాపణ నష్టం ఇంకో రకం. అది సభ మీద ఒక బాధ్యత మోపుతుంది. వినడానికి వచ్చినవాళ్లు "ఫరవాలేదు, చెప్పండి" అని వక్తను ఓదార్చాల్సి వస్తుంది. రెండు సెకన్లలో పోయే ఇబ్బంది అరనిమిషం సాగుతుంది.

సేవర్ కూడా లేకుండా గట్టెక్కిన సందర్భం ఒకటి లోకమంతా చూసింది. 2012 జనవరి 24న అధ్యక్షుడు ఒబామా అమెరికా చట్టసభల సంయుక్త సమావేశంలో వార్షిక ప్రసంగం చేశారు. పాలను కూడా నూనెల జాబితాలో చేర్చిన పాత నిబంధన వల్ల, పాలు ఒలికితే అదుపు చేయగలమని నిరూపించుకోవడానికి కొందరు పాడిరైతులు ఏడాదికి 10,000 డాలర్లు ఖర్చు పెట్టాల్సి వచ్చేదనీ, దాన్ని తీసేశామనీ చెప్పారు. ఒలికిన పాల కోసం ఏడ్చి లాభం లేదని ఇంగ్లిషులో ఒక సామెత. అలాంటి నిబంధన ఉన్నప్పుడు ఆ పాల కోసం ఏడవడమూ సబబేనేమో అన్నది ఆయన చమత్కారం. సభలో నవ్వులకన్నా మూలుగులే ఎక్కువ వినిపించాయి.

ఆయన సామెతను విప్పి చెప్పలేదు, నొచ్చుకోనూ లేదు. చిరునవ్వుతో ఒక్క క్షణం ఆగి ముందుకు సాగారు. పాలు ఒలికితే రైతు తానే చూసుకోగలడు, కానీ రెండేళ్ల కిందట మెక్సికో సింధుశాఖలో చూసినట్టు చమురు ఒలికితే కంపెనీని వదిలేది లేదన్నారు. ఆ వాక్యానికి చప్పట్లు వచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది జోకును పెట్టిన చోటు. అది వాదన మధ్యలో ఉంది. పేలినా పేలకపోయినా తర్వాతి వాక్యానికి దారి తెరిచే ఉంది. నవ్వు మీదే ఆధారపడి, నవ్వు రాకపోతే కదలలేని ప్రసంగానికి ఆ వీలుండదు.

ఇదే కొలతను మన ఊరి సభకు వేసి చూద్దాం. లెక్కల మాస్టారి పదవీ విరమణ సభ అనుకుందాం. తోటి ఉపాధ్యాయుడు లేచి, "బళ్లో లెక్కలన్నీ మాస్టారివే గానీ, ఇంట్లో లెక్కలు మాత్రం అమ్మగారివే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను "అంటే జీతం తెచ్చి ఆవిడ చేతికే ఇస్తారని..." అంటూ మొదలుపెడితే ముందు వరసలో ఉన్న ఆ దంపతులు కూడా తలవంచుకుంటారు. దానికి బదులు ఒక క్షణం ఆగి, "ఈ లెక్కకు నాకు సున్నా పడింది. మాస్టారు మాత్రం సున్నా వచ్చిన పిల్లల్నే ఆదివారం ఇంటికి పిలిపించి పాఠం చెప్పేవారు" అంటే సరిపోతుంది. మొదటి వాక్యం దెబ్బను తన మీదికి తీసుకుంటుంది, సభ మీదికి నెట్టదు. రెండోది మాస్టారి దగ్గరికి తీసుకుపోతుంది. ఆ ఆదివారాల సంగతి అతను ఎలాగూ చెప్పాలనుకున్నదే. సిద్ధంగా ఉంది కనుకే అందింది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు పద్యం మధ్యలో అడ్డం పడి కొంటె ప్రశ్న వేస్తాడు. అవధాని చమత్కారంగా ఒక్క మాట విసిరి పద్యపాదం దగ్గరికి తిరిగి వెళతాడు. ఆ జవాబుకు సభ నవ్వకపోయినా పద్యం ఆగదు.

సేవర్‌కూ హద్దులున్నాయి. ఒక సభలో ఒకటి బాగుంటుంది, మూడోసారికి అదే ప్రసంగమైపోతుంది. కార్సన్ నాట్యాన్ని కొత్తవాడు అనుకరించి లాభం లేదు. ఆ నాట్యానికి నవ్విన జనం ఆయన్ని ఏళ్ల తరబడి రోజూ చూసినవాళ్లు. ఇక నవ్వు రాకపోవడానికి కారణం కొన్నిసార్లు జోకే కాదు. వెనక వరసలవాళ్లు మెడలు చాచి పక్కవాణ్ని "ఏమన్నాడు?" అని అడుగుతుంటే మాట వినపడలేదన్నమాట. అప్పుడు మైకు దగ్గరికి జరగాలి, అంతే.

అందరి చూపులూ వక్త మీద కాక సభలో ఎవరో ఒకరి వైపు తిరిగితే మాత్రం సంగతి వేరు. ఆ జోకు తుస్సుమనలేదు, ఒకరికి తగిలింది. అక్కడ ఏ సేవరూ వాడకూడదు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అని ఒక్క వాక్యం సూటిగా చెప్పి ప్రసంగం కొనసాగించాలి. సభ ముగిశాక కుర్చీలు సర్దేలోపే ఆ మనిషి దగ్గరికి వెళ్లి మాట్లాడాలి.