టై కొస ఎక్కడ ఆగాలి?

రిసెప్షన్ ఫొటోల్లో సూటు చక్కగా కుదిరినా టై దగ్గర చాలామంది దొరికిపోతారు. కొందరికది బొడ్డు మీదే ఆగిపోతుంది, కొందరికి బెల్టు దాటి వేలాడుతుంది. నిటారుగా నిలబడినప్పుడు టై వెడల్పు కొస బెల్టు బకిల్‌ను తాకితే చాలు.

షాపుల్లో దొరికే మామూలు టై పొడవు 57, 58 అంగుళాలు. ఎత్తును బట్టే కొనమంటారు గానీ, మెడ చుట్టుకొలతా ముడీ కూడా పొడవును తినేస్తాయి. 5 అడుగుల 8 అంగుళాల ఎత్తు, 15 అంగుళాల మెడ ఉన్న మనిషికి మామూలు టై సరిపోయిందనుకుందాం. అదే టై 6 అడుగుల 2 అంగుళాల మనిషి కట్టుకుంటే? మెడ 17న్నర అయితే అక్కడే రెండున్నర అంగుళాలు పోతాయి. మెడ నుంచి బెల్టు దాకా దూరం ఇంకో రెండంగుళాలు ఎక్కువనుకోండి. ముందు కొసను బకిల్ దాకా లాగితే ఆ నాలుగున్నర అంగుళాల లోటంతా వెనకున్న సన్న కొస మీద పడుతుంది. అది టై వెనక కుట్టిన పట్టీలోకి అందకపోతే టై పొట్టిదైనట్టే. ఫుల్ విండ్సర్ ముడి వేస్తుంటే ముందు ఫోర్-ఇన్-హ్యాండ్‌కు మారి చూడండి. దీనిలో చుట్లు తక్కువ కాబట్టి కొంత పొడవు మిగులుతుంది. అప్పటికీ అందకపోతే 61, 62 అంగుళాల ఎక్స్‌ట్రా లాంగ్ టై కొనాల్సిందే.

పొట్టివాళ్లకు ఇబ్బంది తిరగబడుతుంది. ముందు కొస సరిగ్గా ఆగినా, సన్న కొస దాని కిందకు దిగి కనిపిస్తుంది. పల్చటి బట్టయితే విండ్సర్ ముడితో ఆ పొడవును వాడేయొచ్చు. మందపాటి బట్టకు ఆ ముడి వేస్తే గొంతు కింద ముద్దలా తయారవుతుంది, అప్పుడు సన్న కొసను చొక్కా గుండీల మధ్యకు దోపేయడమే నయం.

వెడల్పును ఒళ్లు, కోటు లాపెల్ కలిసి నిర్ణయిస్తాయి. చాలామందికి మూడు, మూడుంపావు అంగుళాలు నప్పుతుంది. విశాలమైన ఛాతీ మీద రెండున్నర అంగుళాల స్లిమ్ టై రిబ్బనులా తేలిపోతుంది, అక్కడ మూడున్నర ఉండాలి. బక్కపలచని మనిషికి అంత వెడల్పు వద్దు.

బో టైకి మాత్రం ఎత్తుతో పనిలేదు, మెడ కొలతే ముఖ్యం. చొక్కా పై గుండీ పెట్టుకుని, టై కూర్చునే చోట కాలర్ చుట్టూ టేపు తిప్పి, లోపల ఒక వేలు పట్టేంత వదులుంచి చదవాలి. 16 వస్తే పట్టీ మీదున్న 16 గుర్తుకు కొక్కెం తగిలించాలి. సెంటీమీటర్ల టేపుతో 40 వస్తే అది సుమారు 15 ముప్పావు. పట్టీ బిగువైతే కాలర్ ముడతలు పడుతుంది, వదులైతే బో కిందికి జారుతుంది. చేత్తో కట్టుకునే రకంలో ఇంకో మెలిక ఉంది: పట్టీని పెద్ద కొలతకు జరిపితే కట్టడానికి ఎక్కువ బట్ట మిగిలి బో కూడా పెద్దదవుతుంది. అది కళ్ల బయటి కొసల వెడల్పును దాటి ముఖం అంచుల దాకా పోతుంటే, పట్టీని అరంగుళం తగ్గించి మళ్లీ కట్టి చూడాలి.