నలభై పేజీల్లో డైరెక్టర్‌కు కావాల్సిన పేజీ

నలభై పేజీల ప్రగతి నివేదికకు ఎగ్జిక్యూటివ్ సమ్మరీ రాయమంటే చాలామంది ఒక్కో అధ్యాయం నుంచి రెండేసి వాక్యాలు ఏరి వరసగా పేరుస్తారు. అందులో అన్నీ ఉంటాయి, డైరెక్టర్‌కు కావాల్సింది తప్ప. ఆయన చూసేది రెండే: పని అనుకున్న తేదీకి పూర్తవుతుందా, కాకపోతే తాను చేయాల్సిందేమిటి?

ఒక ఊహాజనిత తాగునీటి పథకాన్ని తీసుకుందాం. కాంట్రాక్టు విలువ వంద కోట్లు, గడువు మార్చి 31. సెప్టెంబరు 30 నాటి నివేదిక మొదటి పేజీలోనే చెబుతోంది: భౌతిక పురోగతి 72 శాతం, ఈపాటికి కావాల్సింది 80, ఖర్చు 78 కోట్లు. సమ్మరీలో ఈ అంకెలు దించేసి ‘పనులు కొంత వెనకబడ్డాయి’ అని రాస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 72 శాతం ఎక్కడిది? పైపులైను రెండు వైపులా వేశారు, ట్యాంకులు కట్టారు. నడుమ రైలు పట్టాల కింద అరవై మీటర్ల పైపు మాత్రం పడలేదు. మొత్తం పొడవులో అది లెక్కలోకి రానంత చిన్న ముక్క. అది పడకపోతే అవతలి ట్యాంకులకు చుక్క నీరు చేరదు. శాతాలు ఈ సంగతి చెప్పవు.

తొమ్మిదో పేజీలో దాని గురించి ఒక్క వాక్యం ఉంది: ‘రైల్వే అనుమతి రావాల్సి ఉంది.’ ఇలాంటి వాక్యం కనబడితే గత రెండు నెలల నివేదికలు తిరగేయాలి. అక్షరం మారకుండా అదే వాక్యం ఉంటే ఆ పని ఎవరి చేతిలోనూ లేదనుకోవచ్చు. తర్వాత అనుబంధాలు చదవాలి. మన ఉదాహరణలో 36వ పేజీలో రైల్వేవారి లేఖ ప్రతి దొరికింది. నలభై లక్షల రుసుము కట్టమని వాళ్లు జూన్‌లోనే అడిగారు. చెల్లింపు ఫైలు మన ఆఫీసులోనే ఆగింది! అంటే ఆలస్యం రైల్వేది కాదు, మనది. ఈ మాట రాయడానికి కాస్త గుండె కావాలి. అయినా రాయాల్సిందే.

ఇక తేదీని వెనక నుంచి లెక్కకట్టాలి. పట్టాల కింద పైపు తోయడానికి రెండు నెలలు, అతికి పరీక్షించడానికి ఒక నెల. మార్చి 31కి నీరు రావాలంటే అనుమతి డిసెంబరు 31లోగా చేతికందాలి. రుసుము కట్టాక అనుమతికి రెండు నెలలు పడుతుందనుకుంటే, కట్టాల్సిన చివరి తేదీ అక్టోబరు 31.

డబ్బు దగ్గర మాత్రం తొందర పడకూడదు. 72 కోట్ల విలువైన పనికి 78 కోట్లు అయ్యాయంటే, ఇదే తీరున మొత్తం ఖర్చు 108 కోట్లు దాటుతుందని లెక్క. అయితే ఆ 78లో నాలుగు కోట్లు ఇంకా రాని పంపులకిచ్చిన అడ్వాన్సు. దాన్ని పక్కన పెడితే అంచనా 103 కోట్ల దగ్గర ఆగుతుంది. ‘ఎనిమిది కోట్లు అదనం’ అని రాసి డైరెక్టర్‌ను ఉలిక్కిపడేలా చేసేముందు అకౌంట్స్ విభాగాన్ని ఒక్క మాట అడగాలి.

ఇప్పుడు రాయొచ్చు.

‘మార్చి 31 గడువు ప్రమాదంలో ఉంది. కారణం రైలు పట్టాల కింద పడాల్సిన 60 మీటర్ల పైపు (పే. 9). రైల్వే అడిగిన రూ. 40 లక్షలు జూన్ నుంచి మన దగ్గరే పెండింగ్ (పే. 36). అక్టోబరు 31లోగా చెల్లింపునకు మీ ఆమోదం కావాలి. ఆ తేదీ దాటితే, దాటినన్నాళ్లూ నీటి సరఫరా వెనక్కి జరుగుతుంది. మొత్తం వ్యయం సుమారు 103 కోట్లకు చేరవచ్చు. మిగతా పనులకు ఇప్పుడు మీ జోక్యం అవసరం లేదు.’

వరస ముఖ్యం. 2003లో కొలంబియా నౌక ఎగిరేటప్పుడు ఊడిపడిన నురుగు ముక్క దాని ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదమెంతో అంచనా వేసిన ఇంజినీర్ల స్లైడు శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. ఆ ముక్క పరీక్షల్లో వాడినదానికన్నా వందల రెట్లు పెద్దదన్న సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ఏడుగురు వ్యోమగాములు మరణించారు. దర్యాప్తు బోర్డు ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది.

రాసింది పంపేముందు ఈ పథకం గురించి తెలియని సహోద్యోగికి చూపి, ‘డైరెక్టర్ ఏం చేయాలి, ఎప్పటిలోగా?’ అని అడగండి. తడుముకుంటే మళ్లీ రాయండి. అంకెలు ఏ తేదీ నాటివో పైన వేయడం మరవకండి. సెప్టెంబరు 30 లెక్క అక్టోబరు 20న ఆయన బల్ల మీదకు చేరితే, ఈలోపు ఆ ఫైలు కదిలిందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాల్సింది మీరే.